సిఫారసు ఉత్తరంలో నా తప్పు కూడా

మా ముత్తాత ఫ్రెంచి వాళ్ళ కాలంలో పుదుచ్చేరి రేవు నుంచి ఓడలకు వేరుశెనగ ఎక్కించిన వర్తకుడు. ఆయన కొడుకు, అంటే మా తాత, పురపాలక సంఘంలో రెండు తడవలు సభ్యుడు. గవర్నరు ఇంటి విందులకు పిలుపు అందుకునే తెలుగు కుటుంబాలు ఊళ్ళో నాలుగో అయిదో ఉంటే అందులో మాది ఒకటి. మా నాన్న చేతికి వచ్చేసరికి మిగిలినవి ఒక గోడ గడియారం, రెండు పడకకుర్చీలు, నిటారుగా కూర్చునే అలవాటు. నా దాకా వచ్చింది ఆ మూడోది.

ముత్తాత గురించి మా ఇంట్లో చెప్పుకునే ముచ్చట్లలో ఎక్కువ భాగం ఆయన రాసిన చీటీల గురించే. ఎవరైనా ఉద్యోగం కోసమో ఆసుపత్రిలో మంచం కోసమో వస్తే ఆయన చిన్న కాగితం మీద ఒకే ఒక్క వాక్యం రాసేవాడట: ‘ఇతను నాకు తెలిసినవాడు.’ కింద సంతకం. అంతే. ఆ మనిషి ఏం చదివాడు, ఏం చేయగలడు అన్నది అందులో ఉండేది కాదు. ఆ సంతకం చూసి కస్టమ్స్ ఆఫీసులో కుర్చీ వేసేవారట. ఉత్తరం బరువు సంతకంలో ఉంటుంది కాని మాటల్లో కాదని నేను పాలతో పాటు తాగాను. ఇంకొకరు రాసిన కాగితం మీద మన సంతకం పెట్టకూడదనేది దానికి తోడు నియమం.

ఈ రెండు నియమాలతో నేను ఇరవై అయిదేళ్ళు ఉద్యోగం చేశాను. ఫ్యాక్టరీల నుంచి వచ్చే మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంట్లు కట్టి, నడిపించే చిన్న కంపెనీ మాది. ఊరి బయట ఆఫీసు. నా కింద తొమ్మిది మంది ఇంజనీర్లు. నేను ఉప్పళంలో అద్దె ఇంటి నుంచి స్కూటరు మీద వెళ్ళివస్తాను. వంగి నడిపితే గాలి తక్కువ తగులుతుందని మా ఆవిడ చెబుతూ ఉంటుంది. నేను వంగను.

ఒక సోమవారం ఉదయం మా టీములో ఒక అమ్మాయి నా గది తలుపు దగ్గర నిలబడింది. నాలుగేళ్ళుగా నా దగ్గర పని చేస్తోంది. వాళ్ళది ముత్తియాల్‌పేట. నాన్న మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. మాలాగే వాళ్ళదీ ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబం. చదవడం రాయడం మాత్రం తమిళంలోనూ ఇంగ్లీషులోనూ, అందుకే మా తెలుగులో ‘అదే’ అనడానికి ‘అదిదా’ అంటాం.

“సార్, ఒక్క నిమిసం. నేను మాస్టర్స్‌కి అప్లై సేస్తా ఉండా. మీరు నాకు ఒక లెటర్ ఇయ్యాల.”

“యాడికి?” ఆఫీసులో నేను జాగ్రత్తగా మాట్లాడతాను కాని, మా వాళ్ళతో మాట్లాడితే నాలుక దాని దారిన అది పోతుంది.

“ఒకటి నెదర్లాండ్స్, ఇంకోటి ఐర్లండ్. నీళ్ళ శుద్ధి మీదదా సార్, మన పనే.” చేతిలోని కాగితం నా బల్ల మీద పెట్టింది. “మీకెందుకు శ్రమ అని నేనే రాసి తెచ్చేసినా. మీరు సంతకం పెట్టి అప్‌లోడ్ సేస్తే సాలు.”

చదివాను. అందులో ఒక దార్శనికురాలు ఉంది. అసాధారణ నాయకత్వం ఉంది. అంకితభావం మూడు చోట్ల ఉంది.

“ఈవిడ ఎవరు?” అన్నాను.

“నేనే సార్.”

“నాకు పరిచయం లేదే.”

ఆమెకు నవ్వొచ్చింది కాని ఆపుకుంది. “కాలేజీలో మా ప్రొఫెసర్ సార్ ఇట్లనే సంతకం పెట్టిచ్చినాడు సార్. అందరూ ఇట్లదా సేస్తారు.”

“ఆయన ఇంటి పద్ధతి ఆయనది. నేను సంతకం పెట్టేది నేను రాసిన దాని మీదే. తీసుకుపో.”

కాగితం తీసుకుంది కాని కదల్లేదు. “సార్, నా మార్కులు సుమారే, గొప్పగా లేవు. కాలేజీ లెటర్ ఉన్నా వాళ్ళు సూసేది పని సేసిన సోట ఇచ్చే లెటర్నే. పదిహేను దినాలే టైమ్. మీరే రాయండి సార్, కానీ కొంచెం నీళంగా రాయండి.”

“పొడుగ్గానా? ఎందుకు?”

“వాళ్ళు సదువుతారంట సార్.”

ఉత్తరాలు చదువుతారన్న సంగతి నాకు చెబుతోంది! వెళ్ళమన్నాను.

ఆ ఉత్తరం కాగితం మీద రాసి ఇస్తే సరిపోయేది కాదని తర్వాత తెలిసింది. దరఖాస్తులో ఆమె నా ఆఫీసు మెయిలు ఇస్తే, యూనివర్సిటీ నాకే నేరుగా ఒక లింకు పంపుతుంది. అది తెరిచి ప్రశ్నలకు జవాబులు చెప్పి, ఉత్తరం జతచేసి నేనే పంపాలి. సొంత మెయిలు పనికిరాదు. రాసింది చూసే హక్కు తనకు అక్కర్లేదని ఆమె ముందే ఒప్పుకుంది, అలా అయితేనే రాసేవాడు నిజం రాశాడని వాళ్ళు నమ్ముతారట. ఈ కట్టుబాటు నాకు నచ్చింది. మర్యాద గల పద్ధతి అనుకున్నాను.

లింకు రెండు రోజులు రాలేదు. ఆ అమ్మాయి ఆ రెండు రోజుల్లో నా గదికి అయిదు సార్లు వచ్చింది. చివరికి మా కంప్యూటర్ల కుర్రాడు చెత్త మెయిళ్ళ కుప్పలోంచి, లాటరీ గెలిచారని చెప్పే మెయిళ్ళ మధ్య నుంచి రెండు లింకులనూ బయటికి తీశాడు.

ముందు నెదర్లాండ్స్‌ది పూర్తిచేశాను. ఎంత కాలంగా తెలుసు? నాలుగేళ్ళు. ఏ హోదాలో? పై అధికారిగా. తర్వాత ఒక పట్టిక. విశ్లేషణ శక్తి, సొంతంగా పని చేయడం, రాత, నలుగురితో పని. ఒక్కొక్కదానికి ఎదురుగా అయిదు గళ్ళు, అన్నిటికంటే పైన ఉన్నది ‘అసాధారణం’. నేను నిజాయితీగా ఆలోచించాను. ఇరవై అయిదేళ్ళలో నాకు తెలిసిన ఇంజనీర్లందరినీ మనసులో వరసగా నిలబెట్టాను. నాకు పని నేర్పిన పెద్దాయన ఆ వరసలో ముందున్నాడు. నేనూ దరిదాపుల్లోనే ఉన్నాను. ఆ అమ్మాయిని మధ్యలో నిలబెట్టి, అన్నిటికీ మూడో గడి నొక్కాను.

ఉత్తరం అయిదు వాక్యాలు రాశాను. ఈమె నాకు నాలుగేళ్ళుగా తెలుసు. వేళకు వస్తుంది. అప్పగించిన పని తృప్తికరంగా చేస్తుంది. గౌరవప్రదమైన కుటుంబం నుంచి వచ్చింది. మీ కోర్సుకు ఈమెను సిఫారసు చేస్తున్నాను. ముత్తాత కంటే నాలుగు వాక్యాలు ఎక్కువే. కింద నా సంతకం. పంపాను. ఇకపై మార్పులు చేయలేరని తెర మీద ఒక మాట వచ్చింది. మార్చాల్సిన అవసరం ఏముందనుకున్నాను.

ఐర్లండ్ వాళ్ళు మాత్రం ఉత్తరం కంపెనీ లెటర్‌హెడ్ మీదే ఉండాలన్నారు. మా ఆఫీసులో లెటర్‌హెడ్ హెచ్‌ఆర్ చూసే ఆవిడ అనుమతి లేనిదే దొరకదు. ఆవిడ తమిళురాలే కాని, మా వాళ్ళ ఇళ్ళ మధ్య పెరగడం వల్ల తెలుగు మాకంటే వేగంగా మాట్లాడుతుంది. అదే ఉత్తరం ఆవిడ చేతికిచ్చాను. చదివింది. కాగితం తిప్పి వెనక చూసింది.

“మిగతాది యాడ సార్?”

“అంతే.”

“ఏంది సార్ ఇది? రెకమెండేషనా, కాండక్ట్ సర్టిఫికెట్టా? వాచ్‌మన్ ఉద్యోగానికైనా ఇంతకన్నా నాలుగు మాటలు ఎక్కువ రాస్తారే!”

“నా సంతకం ఉంది కదమ్మా.”

“మీ సంతకం నాకు తెలుసు సార్. ఆడ ఐర్లండ్‌లో ఎవురికి తెలుసు?”

కాగితం ఆవిడ చేతిలోంచి తీసుకుని నా సంతకం వంక చూశాను. ఆవిడ ఆగలేదు. “మా పిన్ని కొడుకు ఫారిన్ సదువుకి పోయినప్పటి లెటర్లు నేను సూసినా సార్. తృప్తికరం అని రాస్తే, ఈ పిల్లని పిలవొద్దు అని మర్యాదగా చెప్పినట్టంట. అంతకన్నా తిట్టేసినా మేలు. నెదర్లాండ్స్ పట్టికలో ఏం పెట్టినారు?”

చెప్పాను. ఆవిడ తల పట్టుకుంది. “ఎవురితో పోల్చమన్నారు, అది సూసినారా?”

లేదు. నా బల్ల దగ్గరికి వెళ్ళి ఐర్లండ్ వాళ్ళ పేజీ తెరిచాము. పట్టిక పైన సన్నటి అక్షరాల్లో, ‘ఇదే అనుభవం ఉన్నవారితో పోలిస్తే’ అని ఉంది. నెదర్లాండ్స్ వాళ్ళదీ ఇదే పట్టిక. నేను ఇరవై ఆరేళ్ళ అమ్మాయిని యాభై ఏళ్ళ వాళ్ళ వరసలో నిలబెట్టాను. నాతోనే పోల్చాను.

“సరి, పోనీండి,” అంది ఆవిడ, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. “ఆ పిల్ల ఏం సేసిందో ఒక్కటి చెప్పండి. మీకు నిజంగా గుర్తున్నది.”

గుర్తుంది. అందుకే రాయలేదు.

మా కస్టమర్లలో ఒక తినుబండారాల ఫ్యాక్టరీ ఉంది. వాళ్ళ ప్లాంటు నుంచి ప్రతి సోమవారం మురికి నీళ్ళే బయటికి వచ్చేవి. మంగళవారం సాయంత్రానికి మళ్ళీ తేటపడేవి. నేను వెళ్ళి చూసి, తొట్టెలోకి గాలి చాలడం లేదు, పెద్ద బ్లోయర్ వేయాలి అని చెప్పాను. కొటేషనూ పంపించాము. ఆ అమ్మాయి మాత్రం మూడు వారాల రిజిస్టర్లు ముందేసుకుని కూర్చుంది. తర్వాత నా దగ్గరికి వచ్చి, “సార్, ఆదివారం ఫ్యాక్టరీ సెలవు కదా. తొట్టెలో ఉండే సూక్ష్మజీవులకి ఆ దినం తిండి లేదు. పస్తులుండి నీరసపడి ఉంటాయి. సోమవారం పొద్దున్నే ఒక్కసారిగా బిందెలు బిందెలు కుమ్మరిస్తే ఎట్లా తింటాయి? శనివారం నీళ్ళు కొంచెం, దీనికి ముందుండే తొట్టెలో నిలవ పెట్టి ఆదివారం సన్నగా వదిల్తే సాలు” అంది. అప్పుడు నేను అన్న మాట కూడా గుర్తుంది. “నువ్వు అనుకున్నది నీ దగ్గరే పెట్టుకో.” ఆమె తన దగ్గర పెట్టుకోలేదు. ఫ్యాక్టరీ మేనేజరు అడిగితే చెప్పేసింది. వాళ్ళు చేసి చూశారు. రెండో సోమవారానికి నీళ్ళు తేటగా వచ్చాయి. బ్లోయర్ ఆర్డరు పోయింది. నేను వారం రోజులు ఆమెతో ముభావంగా ఉన్నాను. ఆమె అది గమనించనట్టే ఉండి, రోజూ గుడ్ మార్నింగ్ చెప్పింది.

హెచ్‌ఆర్ ఆవిడ అంతా విని, “అదిదా సార్, అదే రాయండి!” అంది.

“అది రాస్తే నేను తప్పు చెప్పినట్టు రాయాలి కదా.”

“అవును. రాస్తేనే వాళ్ళు నమ్ముతారు. పై అధికారి తప్పుని కనిపెట్టిందని పై అధికారే రాస్తే ఇంక ఏం కావాల? ఫ్యాక్టరీ పేరు మాత్రం వద్దు సార్, ఒక తినుబండారాల ఫ్యాక్టరీ అని పెట్టండి. కస్టమర్ సంగతులు బయటికి పోకూడదు.” లేచి వెళ్తూ వెనక్కి తిరిగింది. “లెటర్‌హెడ్ రెడీగా పెడతా. ఒక్క షీటుతో సరిపోదని నా నమ్మకం.”

మా వంశంలో ఎవరూ తన పొరపాటును కాగితం మీద పెట్టి సముద్రం దాటించలేదు. భోజనాల దగ్గర ఆ మాట మా ఆవిడతో అన్నాను.

“ఏందండీ, మీ తాతలు పొరపాట్లు కాగితం మీద పెట్టకుండా ఉండబట్టేగా మనం ఇప్పుడు ఈ రెండు గదుల్లో ఉండేది,” అంది రసం పోస్తూ. “ఆ పిల్ల చెప్పింది నిజమేనా కాదా?”

“నిజమే.”

“అయితే ఆలోచించేది ఏంది? అన్నం సల్లారిపోతా ఉండాది, తినండి.”

మరునాడు ఉదయం తొందరగా ఆఫీసుకు వెళ్ళి తలుపు మూసుకుని రాశాను. అయిదు వాక్యాలు రాసిన చేతికి ఒకటిన్నర పేజీ వచ్చింది. ఆ సోమవారాల సంగతి, రిజిస్టర్లు, తొట్టెలో పస్తులు. సలహా ఇచ్చింది నేనని, అది తప్పని, సరిదిద్దింది నాలుగేళ్ళ అనుభవం ఉన్న ఈమె అని. ఆ వాక్యం దగ్గర ‘మా బృందం సలహా’ అని మొదట రాసి, చాలాసేపు చూసి, కొట్టేసి ‘నా సలహా’ అని రాశాను. ఆమె లోపం కూడా ఒకటి రాశాను. నివేదికలు పొడవుగా రాస్తుంది, ముఖ్యమైన సంగతి చివరి పేజీలో పెడుతుంది. పట్టికలో ఈసారి ప్రశ్న చదివి గడులు నొక్కాను. నా దగ్గరికి కొత్తగా వచ్చిన పిల్లల్లో విశ్లేషణలో ఆమెకు సాటి వచ్చేవాడు ఒక్కడే కనిపించాడు. అక్కడ పై గడి నొక్కాను. రాత దగ్గర రెండోది. సంతకం పెట్టాను. ఆ కాగితం మీద అన్నిటికంటే చిన్నగా కనిపించింది నా సంతకమే.

ఇక నెదర్లాండ్స్ మిగిలింది. వాళ్ళ ప్రవేశాల విభాగానికి మెయిలు రాశాను. ఫలానా అభ్యర్థి గురించి నేను పంపిన ఉత్తరం అసంపూర్తిగా ఉంది, పట్టికలో ప్రశ్నను నేను సరిగా చదవలేదు, దయచేసి మార్చుకోనివ్వండి. ‘దయచేసి’ అనే మాటను ఆ నెలలో నేను రాసింది అదొక్కసారే. మర్నాడు జవాబు వచ్చింది. ఆఫీసు మెయిలు నుంచి కొత్త ఉత్తరం పంపితే జతచేస్తామన్నారు. అయితే పాతది అప్పటికే ఎంపిక కమిటీకి చేరింది కాబట్టి తీసేయలేమట. రెండూ పక్కపక్కనే ఉంటాయట. పంపాను. ఒకే మనిషి గురించి ఒకే చేత్తో రాసిన ఆ రెండు ఉత్తరాలను వరసగా చదివేవాళ్ళు నా గురించి ఏమనుకుంటారో అని ఆ రోజంతా కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను.

ఆ అమ్మాయికి ఇవేవీ తెలియవు. ఒకసారి మాత్రం టీ దగ్గర, “సార్, కొంచెం నీళంగా రాసినారా?” అని అడిగింది.

“నీళ్ళ గురించి రాశాను,” అన్నాను.

“మన పని అదేగా సార్,” అని, ఇంకేమైనా చెబుతానేమోనని కప్పు ఖాళీ అయ్యేదాకా నిలబడింది. నేను చెప్పలేదు. చూసే హక్కు వదులుకున్నాక నేను చెబితే అది మర్యాద కాదు.

రెండు నెలలకు నెదర్లాండ్స్ వాళ్ళు సీటు లేదన్నారు. కారణం చెప్పలేదు. అలాంటి వాటికి కారణాలు చెప్పరట. నా మొదటి ఉత్తరం వల్లనా అని నేను ఎవరినీ అడగలేదు, హెచ్‌ఆర్ ఆవిడా ఆ మాట ఎత్తలేదు. ఆ తర్వాత పది రోజులూ ఆ అమ్మాయి గుడ్ మార్నింగ్ చెప్పినప్పుడల్లా నేను తలెత్తకుండా ఫైలు చూశాను. పదకొండో రోజు మధ్యాహ్నం హాల్లోంచి పెద్ద కేక వినిపించింది. ఏదో పంపు కాలిపోయిందనుకుని పరిగెత్తాను. నేను ఆఫీసులో పరిగెత్తడం అదే మొదటిసారి. ఆ అమ్మాయి కుర్చీ ఎక్కి ఫోను ఊపుతోంది.

“ఐర్లండ్ వచ్చేసింది సార్! ఆఫర్ లెటర్!”

“దిగు ముందు. చక్రాల కుర్చీ అది.”

మర్నాడు వాళ్ళ నాన్నను తీసుకొచ్చింది. పొట్టిగా, గట్టిగా ఉన్న మనిషి, ఇస్త్రీ చొక్కా. నా గదిలో కూర్చోమంటే అంచు మీద కూర్చున్నాడు. మా ఇంటి సంగతి ఆయనకు తెలుసు. పాతకాలపు వాళ్ళకు ఇంకా తెలుసు.

“అయ్యా, మీ పెద్దోళ్ళు ఒక్క మాట రాస్తే పనైపోయేదంట. మా నాయన చెప్పేవాడు. ఇప్పుడు మీరు రాస్తే అయ్యింది.”

“నా మాటకు కాదు. ఆమె చేసిన పనికి అయ్యింది,” అన్నాను. ఆ మాట అనడం కష్టంగా లేదు.

“అప్పా, స్వీటియ్యి,” అని ఆ అమ్మాయి ఆయన మోచేతిని పొడిచింది. ఆయన డబ్బా తెరిచి లేచి నిలబడి ఇచ్చాడు. నేనూ లేచి నిలబడే అందుకున్నాను.

“వీసాకి బ్యాంకు కాగితాలు అవీ చాలా అడుగుతారే, ఏర్పాట్లు చూసుకున్నారా?” అని అడిగాను.

“అయ్యిందయ్యా. ఆరు నెలల బ్యాంకు లెక్క సూపించాలంట, లెక్కలో డబ్బు ముందు నుంచే ఉండాలంట. అందుకని ఆగలా.” ఆయన స్వీటు డబ్బా మూత సర్ది కూతురి చేతికిచ్చాడు. ఆ అమ్మాయి హాల్లో వాళ్ళకు పంచడానికి వెళ్ళింది. వెళ్ళాక ఆయన ఎప్పుడు, ఏం అమ్మాడో చెప్పాడు.

మురుంగపాక్కంలో వాళ్ళకున్న ఒకే ఒక్క ఇంటి స్థలాన్ని, ఆ అమ్మాయి నన్ను ఉత్తరం అడగడానికి ముందు నెలలోనే అమ్మేశారు.